లట్ వేస్తే కొన్ని క్లిప్పులు నల్లబడుతున్నాయి: ఫిల్మ్ లుక్‌కి ముందు ఏం చేయాలి, వెలుగు ఎక్కడ సరిచేయాలి

ప్రశ్న: అన్నా, మాది వైజాగే. ఫిషింగ్ హార్బర్ మీద పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీ తీశాను. సోనీ కెమెరాలో ఎస్-లాగ్3, కొన్ని షాట్లు ఫోన్‌తో. రిజాల్వ్‌లో కోడాక్ 2383 లట్ అన్ని క్లిప్పులకీ వేశాను. పగటి షాట్లు కొన్ని సినిమాలా బాగానే వచ్చాయి. తెల్లవారుజాము వేలం, పడవ నీడలో కూర్చున్నవాళ్ల మొహాలు మాత్రం బొగ్గులా అయిపోయాయి. లట్ తర్వాత బ్రైట్‌నెస్ పెంచితే అంతా బూడిద రంగు వస్తోంది. లట్ తప్పా, నా షూటింగ్ తప్పా?

సమాధానం:

తమ్ముడూ, షూటింగ్‌ని తర్వాత చూద్దాం. ముందు ఈ రెండు పనులు చెయ్యి. ఒకటి, ఆ లట్‌కి ముందు `Color Space Transform` పెట్టి, నీ ఫుటేజ్‌ని సినియాన్ లాగ్‌లోకి మార్చి ఇవ్వు. రెండు, వెలుగు పెంచడం తగ్గించడం ఏదైనా ఆ లట్‌కి ముందున్న నోడ్‌లోనే చెయ్యి, తర్వాత వద్దు. నీ క్లిప్పుల్లో చాలావరకు దీంతోనే దారికొస్తాయి. మిగిలేవి నిజంగానే తక్కువ వెలుగులో తీసినవి. వాటి సంగతి చివర్లో చెబుతాను.

నేను ఈ ఊళ్లోనే పన్నెండేళ్లుగా కలర్ గ్రేడింగ్ చేస్తున్నాను. పెళ్లి సినిమాలు, కంపెనీ వీడియోలు, అప్పుడప్పుడూ డాక్యుమెంటరీలు. నీలాగే "లట్ వేశాక నల్లబడింది" అంటూ వచ్చే ప్రాజెక్టులు నెలకి ఒకటైనా నా బల్ల మీదికి వస్తాయి. తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఇదే కథ.

లట్‌కి నీ షాట్ తెలియదు

లట్ అంటే ఒక పట్టిక. ఇంత ఎరుపు, ఇంత ఆకుపచ్చ, ఇంత నీలం లోపలికి వస్తే బయటికి ఇంతింత ఇవ్వమని రాసిపెట్టిన అంకెలు. మామూలుగా దొరికే `.cube` ఫైల్‌లో ఒక్కో రంగుకి 33 మెట్లు ఉంటాయి, మొత్తం 35,937 వరసలు. ఆ మెట్ల మధ్యలో పడే విలువల్ని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి నింపుకుంటుంది. ఇది ఎండలో తీసిన షాటా, దీపాల కింద తీసిన షాటా, ఎస్-లాగ్3 నుంచి వచ్చిందా, ఫోన్ నుంచి వచ్చిందా అన్నది ఆ పట్టికకి తెలిసే దారి లేదు. లోపలికి ఒకే అంకె వెళితే బయటికి ఒకే అంకె వస్తుంది.

రిజాల్వ్‌తో పాటు వచ్చే `Film Looks` ఫోల్డర్‌లోని `Rec709 Kodak 2383 D60`, దాని అన్నదమ్ములూ ఒక్క రకమైన ఇన్‌పుట్ కోసమే తయారయ్యాయి. కోడాక్ 2383 థియేటర్లో ఆడించే ప్రింట్ ఫిల్మ్. నెగెటివ్‌ని స్కాన్ చేసినప్పుడు వచ్చే లాగ్ బొమ్మ, అంటే సినియాన్ లాగ్, ఆ ప్రింట్ మీదికి వెళితే ఎలా కనపడుతుందో ఈ లట్ చూపిస్తుంది. పేరులో ముందున్న `Rec709` నీ ఫుటేజ్ గురించి చెప్పడం లేదు, లట్ నుంచి బయటికొచ్చే బొమ్మ గురించి చెబుతోంది. చాలామంది పొరబడేది ఇక్కడే. పేరు చూసి మామూలు వీడియో మీద పెట్టేస్తారు.

ఇప్పుడు నీ పగటి షాట్లు ఎందుకు బాగున్నాయో, మిగతావి ఎందుకు పోయాయో చూద్దాం. వేవ్‌ఫారమ్‌ని 0 నుంచి 1023 వరకు ఉండే పది బిట్ స్కేలులో ఊహించుకో. ఎస్-లాగ్3లో నలుపు 95 దగ్గర, 18 శాతం బూడిద 420 దగ్గర, తెల్లకాగితం 598 దగ్గర ఉంటాయి. సినియాన్‌లో నలుపు అదే 95 దగ్గర ఉంటుంది కానీ బూడిద సుమారు 470 దగ్గర, తెలుపు 685 దగ్గర ఉండాలి. అంటే ఎస్-లాగ్3 క్లిప్‌ని నేరుగా ఈ లట్‌కి ఇచ్చావంటే, సరిగ్గా తీసిన షాట్‌ని కూడా అది బూడిద దగ్గర అర స్టాప్‌కి పైగా, తెలుపు దగ్గర ముప్పాతిక స్టాప్‌కి పైగా తక్కువ వెలుగులో తీసినట్టు చదువుతుంది. మిట్టమధ్యాహ్నం షాట్‌లో వెలుగు దండిగా ఉంటుంది కాబట్టి ఆ లోటు కనపడదు, "సినిమా కాంట్రాస్ట్" వచ్చినట్టే అనిపిస్తుంది. అప్పటికే ఒకటిన్నర స్టాప్ తక్కువలో ఉన్న వేలం షాట్‌కి ఇంకో అర స్టాప్ పోతే మొహాలు చీకట్లో కలిసిపోతాయి.

ఫోన్ క్లిప్పులది వేరే రోగం. ఫోన్ బొమ్మ అప్పటికే టీవీలో చూడటానికి సిద్ధమైన బొమ్మ, అందులో నలుపు 0 దగ్గర, తెలుపు 1023 దగ్గర ఉంటాయి. లట్ మాత్రం 95 దగ్గర ఉన్నదాన్ని నలుపు అనుకుంటుంది. ఫోన్ బొమ్మలో 95 అంటే నీడలో జుట్టు, చీర మడతలు, పడవ లోపలి చెక్క. అవన్నీ ఒక్క దెబ్బకి నల్లముద్ద అవుతాయి, పైన ఆకాశం కాలిపోతుంది. కాబట్టి నీడలు మాత్రమే కాకుండా తెలుపులు కూడా పాడైతే అది ఫోన్ క్లిప్ లాంటి తప్పు ఇన్‌పుట్, బొమ్మ మొత్తం మందంగా, రంగు తక్కువగా, చీకటిగా ఉంటే అది మార్చకుండా ఇచ్చిన లాగ్.

లట్ తర్వాత పెంచితే బూడిద ఎందుకు వస్తుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. లోపలికి వెళ్లినప్పుడు 60, 75, 90 అని వేరువేరుగా ఉన్న నీడలు బయటికి వచ్చేసరికి దాదాపు ఒకే నలుపు అయిపోతాయి. నువ్వు తర్వాత లిఫ్ట్ పెంచితే ఆ ఒక్క నలుపు మొత్తం ఒకే బూడిదగా పైకి లేస్తుంది. కళ్లకి, కనుబొమ్మలకి మధ్య ఉన్న తేడా అప్పటికే పోయింది కాబట్టి తిరిగి రాదు. ఆ తేడాని లట్‌లోకి వెళ్లకముందే పైకి జరిపితే మాత్రం చక్కగా మిగులుతుంది.

నేను నోడ్లు పెట్టే పద్ధతి

ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో `Color science` ని `DaVinci YRGB` గానే ఉంచి, `Timeline color space` ని `DaVinci WG/Intermediate` చెయ్యి. ఇది బొమ్మని ఏమీ మార్చదు, కానీ హెచ్‌డీఆర్ వీల్స్‌కి తాము ఏ స్కేలు మీద పనిచేస్తున్నాయో తెలుస్తుంది. లేకపోతే అక్కడ ఒక స్టాప్ అన్నది నిజంగా ఒక స్టాప్ కాదు.

తర్వాత కలర్ పేజీలో టైటిల్స్ తప్ప క్లిప్పులన్నీ ఎంచుకుని, కుడి క్లిక్ చేసి `Add into a New Group` నొక్కు. నోడ్ ఎడిటర్ పైన `Clip`, `Group Pre-Clip`, `Group Post-Clip`, `Timeline` అని మారే చోటు ఒకటి వస్తుంది. లుక్ మొత్తం `Group Post-Clip` లో ఒక్కసారే పెడతాం. ఒక్కో క్లిప్‌కి చేసే మరమ్మతు `Clip` లో ఉంటుంది. `Timeline` లో పెట్టొచ్చు కదా అంటావేమో, పెడితే నీ టైటిల్స్, లోగో కూడా కోడాక్ రంగులోకి వెళ్లిపోతాయి, తెల్ల అక్షరాలు పసుపు తిరుగుతాయి.

క్లిప్పుల వరస ఇలా ఉండాలి:

```
Clip
  1  CST: S-Gamut3.Cine / S-Log3  ->  DaVinci Wide Gamut / DaVinci Intermediate
  2  Exposure
  3  White balance
Group Post-Clip
  1  CST: DaVinci Wide Gamut / DaVinci Intermediate  ->  Rec.709 / Cineon Film Log
  2  LUT: Rec709 Kodak 2383 D60
```

ఫోన్ క్లిప్పులకి మొదటి నోడ్ మాత్రమే మారుతుంది. మామూలు ఫోన్ వీడియో అయితే ఇన్‌పుట్ `Rec.709`, `Gamma 2.4`. ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేసి తీస్తే `Rec.2020`, `Rec.2100 HLG`. మిగతా వరస అంతా అదే. రెండు కెమెరాల బొమ్మలూ ఒకే లట్‌లోకి ఒకే భాషలో వెళ్లడం వల్లే అవి ఒకే సినిమాలోవి అనిపిస్తాయి. చాలామంది లుక్ కలవాలని ఒక్కో కెమెరాకి ఒక్కో లట్ వెతుకుతారు, దాంతో గొడవ ఇంకా పెరుగుతుంది.

పోస్ట్ క్లిప్‌లో ఉన్న మార్పిడి నోడ్‌లో `Tone Mapping Method` ని `None` చెయ్యి. వెలుగుల్ని మెత్తగా వంచే పని ప్రింట్ లట్ ఎలాగూ చేస్తుంది. ముందు ఒకసారి, లట్‌లో ఒకసారి వంచితే ఆకాశం సున్నం కొట్టినట్టు చప్పగా వస్తుంది. రంగు వెచ్చగా కావాలంటే `D55`, తటస్థంగా కావాలంటే `D65` వాడొచ్చు. మన సముద్రం ఒడ్డున పొద్దున పూట గాలిలో తేమ వల్ల బొమ్మ నీలంగా, పలచగా ఉంటుంది కాబట్టి నేను `D60` దగ్గర మొదలుపెడతాను.

ఏ క్లిప్‌కి ఎంత పెంచాలి

ఇది నీకు అసలు కావాల్సిన భాగం కాబట్టి నేను చేసిన ఒక పని చెబుతాను. రెండేళ్ల కింద ఒక కుర్రాడు ఇదే హార్బర్‌లో తీసిన ఫుటేజ్ తెచ్చాడు, విషయం కూడా నీలాంటిదే. మూడు షాట్లు తీసుకుందాం. ఒకటి, పదకొండు గంటలకి వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, మీద నీలం టార్పాలిన్. రెండు, ఆరున్నరకి పడవ మీద నిలబడ్డ మనిషి, వెనక సూర్యుడు. మూడు, ఇంకా చీకటి ఉండగా దీపాల కింద చేపల వేలం పాడుతున్న ఆవిడ.

ముందు పోస్ట్ క్లిప్‌లోని రెండు నోడ్లూ ఆపేశాను. నోడ్ ఎంచుకుని `Ctrl+D` కొడితే ఆగిపోతుంది, గ్రూప్ కాబట్టి అన్ని క్లిప్పులకీ ఒకేసారి ఆగుతుంది. ఇప్పుడు వేవ్‌ఫారమ్‌లో కనపడేది లట్‌లోకి వెళ్లబోయే బొమ్మ. డావిన్సీ ఇంటర్మీడియట్‌లో 18 శాతం బూడిద సుమారు 344 దగ్గర ఉంటుంది, ఒక స్టాప్ అంటే సుమారు 75 అంకెలు. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది తీసివేత.

మొహం మీద వెలుగు పడిన వైపు ఎక్కడుందో చూశాను. వల పెద్దాయనది 310. పడవ మీద మనిషిది 235. వేలం ఆవిడది 180. మన గోధుమ, చామనఛాయ మొహాలకి నేను 300 నుంచి 340 మధ్య చూస్తాను. కాబట్టి మొదటి షాట్‌ని ముట్టుకోలేదు. రెండో షాట్ సరిగ్గా ఒక స్టాప్ తక్కువ. ఎక్స్‌పోజర్ నోడ్‌లో హెచ్‌డీఆర్ ప్యాలెట్‌లోని `Global` వీల్ కింద ఉన్న `Exp` ని `1.00` చేశాను. వెనకనున్న ఆకాశం కూడా ఒక స్టాప్ పెరిగింది, కానీ లట్ ఆన్ చేశాక ప్రింట్ వంపు దాన్ని పట్టుకుంది. సూర్యుడి చుట్టూ మాత్రం కొంచెం గట్టిగా అంచు కట్టింది, అక్కడ `Light` వీల్‌లో ఎక్స్‌పోజర్ అర స్టాప్ తగ్గిస్తే మెత్తబడింది.

మూడో షాట్ లెక్క ప్రకారం ఒకటి ముప్పాతిక స్టాప్ తక్కువ. కానీ దాన్ని 310కి తేలేదు. ఒక్క స్టాప్ మాత్రం పెంచి 255 దగ్గర ఆపాను. అది తెల్లవారుజాము, తెల్లవారుజాములాగే ఉండాలి. లుక్ కలవడం అంటే ప్రతి షాట్ ఒకే వెలుగులో ఉండటం కాదు, చీకటి షాట్‌లోని నలుపు, పగటి షాట్‌లోని నలుపు ఒకే రకం నలుపులా కనపడాలి. ఆవిడ కళ్లు, నోరు కనపడుతున్నాయా, గంపలోని చేప మెరుస్తోందా అన్నవే నాకు కావాలి. వెనక గోడ చీకట్లో ఉన్నా పరవాలేదు.

మూడూ అయ్యాక పోస్ట్ క్లిప్ నోడ్లు ఆన్ చేసి, మూడు షాట్లనీ పక్కపక్కన పెట్టి చూశాను. వేలం షాట్‌లో దీపాల పచ్చదనం మొహం మీద మిగిలింది. దాన్ని కూడా లట్‌కి ముందున్న వైట్ బ్యాలెన్స్ నోడ్‌లోనే సగం వరకు తీశాను. మొత్తం తీసేస్తే అది హార్బర్ దీపంలా ఉండదు.

మొహాల గురించి ఇంకో మాట. బయటి ట్యుటోరియల్స్‌లో చర్మం 70 శాతం దగ్గర ఉండాలని చెబుతుంటారు. అది తెల్లతోలు లెక్క. మన మొహాలు సహజంగానే వేవ్‌ఫారమ్‌లో కిందుగా కూర్చుంటాయి, ప్రింట్ లట్ నిటారుగా కిందికి లాగే చోటు కూడా అదే. ఒకే షాట్‌లో తెల్లచొక్కా నిక్షేపంగా ఉండి మొహం నల్లబడటానికి కారణం ఇదే. అలాగని 70కి పెంచితే మనిషి పాలిపోయి బూడిద పూసుకున్నట్టు ఉంటాడు. లట్ తర్వాత చూసినప్పుడు వెలుగు వైపు 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే నాకు మన మనిషిలా కనపడుతుంది.

లట్ బలం తగ్గిస్తే సరిపోదా?

చాలామంది లట్ నోడ్‌కి `Key Output` గెయిన్ `0.500` చేసి, నల్లదనం తగ్గిందనుకుంటారు. నీ లట్ లాగ్‌ని టీవీ బొమ్మగా మార్చే రకం కాబట్టి, సగం చేస్తే సగం మారిన బొమ్మ, సగం మారని లాగ్ కలిసిపోతాయి. నలుపులు లేచి పొగపట్టినట్టు అవుతాయి, ఒక్కో షాట్‌లో ఒక్కోలా. కాంట్రాస్ట్ నిజంగా ఎక్కువనిపిస్తే పోస్ట్ క్లిప్‌లో మార్పిడి నోడ్‌కి ముందు ఒక నోడ్ పెట్టి, `Contrast` ని `0.90` చేసి `Pivot` ని `0.336` పెట్టు. అది ఇంటర్మీడియట్‌లో బూడిద ఉండే చోటు, కాబట్టి మధ్య వెలుగు కదలకుండా రెండు చివరలే మెత్తబడతాయి. గ్రూప్‌లో ఉంది కాబట్టి సినిమా మొత్తానికి ఒకేలా పడుతుంది.

వేరేచోట దించుకున్న లట్ అయితే

అది ఏ ఇన్‌పుట్ కోసం తయారైందో పేరు చూసి నమ్మకు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఎడిట్ పేజీలో `Generators` లోంచి `Grey Scale` ని టైమ్‌లైన్ మీద పెట్టు, అది నలుపు నుంచి తెలుపుకి సాగే పట్టీ. వేవ్‌ఫారమ్‌లో ఏటవాలు గీతలా కనపడుతుంది. దాని మీద లట్ ఒక్కటే వేసి గీత ఎలా వంగిందో చూడు. మొదటి పదో వంతు వరకు గీత నేలకి అంటుకుపోయి, తర్వాత ఒక్కసారిగా నిటారుగా లేస్తే ఆ లట్ లాగ్ కోసం. నేల నుంచే మెల్లగా లేచి, మధ్యలో కొద్దిగా వంగి, చివరికి పైదాకా చేరితే మామూలు వీడియో కోసం. మొదటి రకాన్ని ఫోన్ క్లిప్ మీద వేస్తే నీడలు ఎందుకు చచ్చిపోతాయో ఆ గీతలోనే కళ్లకి కనపడుతుంది.

ప్రీమియర్‌లో చేసే మిత్రులకి ఒక్క మాట. లూమెట్రీలో `Basic Correction` లోని `Input LUT` కింద ఉండే ఎక్స్‌పోజర్ స్లైడర్ లట్ తర్వాత పనిచేస్తుంది, అంటే నువ్వు చేసిన తప్పే అక్కడ దానంతటదే జరిగిపోతుంది. `Creative` లోని `Look` మాత్రం స్లైడర్ల తర్వాత వస్తుంది. కాబట్టి లట్‌ని విడిగా ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద వేసి, వెలుగుని కింది క్లిప్‌లో సరిచేసుకోండి. కొత్త వెర్షన్లు లాగ్ క్లిప్‌ని గుర్తుపట్టి ముందే మార్చేస్తాయి, దాని మీద లాగ్ లట్ వేస్తే రెండుసార్లు మారి అచ్చం ఫోన్ క్లిప్‌లాగే నల్లబడుతుంది.

ఇవన్నీ చేసినా నల్లగానే ఉంటే

పోస్ట్ క్లిప్ నోడ్లు ఆపి చూడు. అప్పుడు కూడా మొహం చీకట్లోనే ఉందంటే అది షూటింగ్‌లోనే తక్కువైంది. లట్ ఆపగానే బాగుందంటే ఇన్‌పుట్ మార్పిడి ఎక్కడో తప్పింది. ఇంకొక్క అనుమానం మిగులుతుంది. మీడియా పూల్‌లో క్లిప్ మీద కుడి క్లిక్ చేసి `Clip Attributes` లో `Data Levels` చూడు. `Full` గా రికార్డయిన క్లిప్‌ని `Video` గా చదివితే నలుపులు నేలకి తొక్కుకుపోతాయి. ఒకే కెమెరాలోని కొన్ని క్లిప్పులు మాత్రమే నల్లగా ఉంటే ఇది కారణమయ్యే అవకాశం తక్కువ, ఒక కెమెరావి మొత్తం అలా ఉంటే ముందు ఇక్కడే చూడాలి.

నిజంగా తక్కువ వెలుగులో తీసిన దాన్ని ఎంతవరకు లేపొచ్చు అన్నది నీ కెమెరా ఎన్ని బిట్లు రాసిందన్న దాని మీద ఉంటుంది. ఎనిమిది బిట్లలో మొత్తం 256 మెట్లే. ఎస్-లాగ్3లో నలుపు 24వ మెట్టు దగ్గర, బూడిద 105 దగ్గర ఉంటాయి, అంటే నీడలన్నీ ఎనభై మెట్లలోనే సర్దుకోవాలి. మొహం అప్పటికే రెండు స్టాప్‌లు కింద ఉంటే దానికి దక్కేవి చాలా కొద్ది మెట్లు. అలాంటి క్లిప్‌ని రెండు స్టాప్‌లు పెంచితే బుగ్గల మీద మెట్లు మెట్లుగా గీతలు, నీడల్లో ఊదా రంగు ఇసుక కనపడతాయి. నా అనుభవంలో ఎనిమిది బిట్లకి ఒక స్టాప్ దాకా ధైర్యంగా, పది బిట్లకి రెండు దాకా లేపొచ్చు. ఆ పైన నాయిస్ తగ్గించే పని పడుతుంది. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో టెంపోరల్ నాయిస్ రిడక్షన్ లేదు, అది స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. పెట్టుకోగలిగితే దాన్ని ఎక్స్‌పోజర్ నోడ్ కంటే ముందే పెట్టాలి.

స్టూడియో లేకపోతే బొమ్మ మొత్తాన్ని లేపకు. మొత్తాన్ని అర స్టాప్ పెంచి, ఎక్స్‌పోజర్ నోడ్ తర్వాత ఇంకో నోడ్‌లో మొహం చుట్టూ గుండ్రటి పవర్ విండో గీసి, అంచు బాగా మెత్తగా పెట్టి, ట్రాక్ చేసి, అక్కడ మాత్రమే ముప్పాతిక స్టాప్ పెంచు. చూసేవాడి కన్ను మొహం మీదే ఉంటుంది, వెనక చీకట్లోని నాయిస్ చీకట్లోనే ఉండిపోతుంది. ప్రింట్ లట్ నలుపులు ఇక్కడ నీకు సాయమే చేస్తాయి. నాయిస్‌ని అవి మింగేస్తాయి.

మళ్లీ హార్బర్‌కి వెళ్లేపని ఉంటే ఒక గ్రే కార్డు జేబులో పెట్టుకో. ఎస్-లాగ్3లో దాన్ని 41 శాతం దగ్గర పెట్టమని సోనీ లెక్క చెబుతుంది. తక్కువ వెలుగులో నేను 48, 49 దగ్గర పెడతాను, అంటే ఒక స్టాప్ ఎక్కువ. తర్వాత ఎక్స్‌పోజర్ నోడ్‌లో ఆ స్టాప్ కిందికి దించితే నీడలు శుభ్రంగా వస్తాయి. మన తీరం తూర్పు వైపు చూస్తుంది కాబట్టి పొద్దున పడవల్ని సముద్రం వైపు పెట్టి తీస్తే మొహాలు ఎప్పుడూ ఎదురువెలుగులోనే పడతాయి. అదే మనిషిని సగం పక్కకి తిప్పి, బుగ్గ మీద ఎండ పడేలా నిలబెడితే, గ్రేడింగ్‌లో ఇందాకటి రెండో షాట్‌కి పడ్డ పాటు తప్పుతుంది.

వేలం క్లిప్, పడవ నీడ క్లిప్, ఒక ఫోన్ క్లిప్, ఈ మూడింటికీ పోస్ట్ క్లిప్ నోడ్లు ఆపి తీసిన వేవ్‌ఫారమ్ ఫొటోలు ఇక్కడ పెట్టు. కెమెరా మోడల్ కూడా రాయి. దేనికి ఎన్ని స్టాప్‌లు పెంచాలో, దేన్ని అలాగే వదిలేయాలో చూసి చెబుతాను.